బల్లలో ఉన్న చెక్క, బిల్లులో ఉన్న చెక్క

(విశాఖపట్నం కంచరపాలెంలో వడ్రంగి మేస్త్రీలు, చిన్న ఫర్నిచర్ షాపుల వాళ్లు కలుసుకున్నప్పుడు ఒక వర్క్‌షాపు యజమాని చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు అందుతోందా వెనక వాళ్లకి? సరే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఇక్కడున్న వాళ్లలో సగం మందికి ఆ రోజు షాపు రేకులు ఎటు ఎగిరిపోయాయో గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత నాలుగైదు నెలలు మనకి పనే పని. కిటికీలు, తలుపులు, తడిసి ఉబ్బిపోయిన అల్మారాలు, మంచాలు. మా షాపులో రాత్రి పది దాకా మెషిన్లు ఆడేవి. మరుసటి మార్చిలో బ్యాంకు పాసుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంటే అందులో ఏమీ లేదు. అప్పు మాత్రం కలప డిపోలో లక్షా ముప్పై వేలు పెరిగింది. అంత పని చేసి డబ్బు ఎటుపోయిందా అని నాకు నిద్ర పట్టలేదు. ఎవరో దొంగిలించారేమో అని కూడా అనుమానపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

దొంగ ఎవరూ కాదు, నా కొటేషనే. అప్పట్లో నేను మా నాన్నగారు చెప్పిన లెక్కే వేసేవాణ్ణి: చెక్క ఎంతయిందో చూడు, దానికి డబుల్ చెయ్యి, అదే రేటు. మీలో ఎంతమంది ఇప్పటికీ ఆ లెక్కే వేస్తున్నారు? చేతులెత్తక్కర్లేదు, నవ్వులు చూస్తేనే తెలుస్తోంది.

ఈరోజు ఒక్క బల్ల గురించే మాట్లాడతాను. ఈ ఏడాది వానాకాలంలో మా షాపులో చేసిన డైనింగ్ టేబుల్. రేట్లు లెక్కకి సులువుగా ఉండేలా గుండ్రం చేసుకున్నాను. మీ డిపో రేటు, మీ మేస్త్రీ కూలి మీరు వేసుకోండి. లెక్క కట్టే పద్ధతి చూడండి చాలు.

లాసన్స్ బే కాలనీలో ఒక అమ్మగారు, రిటైరైన టీచరు. వాళ్ల మామగారి కాలం నాటి కుర్చీలు ఆరున్నాయి, మంచి చేవ ఉన్న చెక్క, చేతులు లేని కుర్చీలు. బల్ల మాత్రం చెద పట్టి పోయింది. "కుర్చీలు నేను వదలను, వీటికి సరిపడే బల్ల చెయ్యి బాబూ" అన్నారు. నేను టేపు తీసి ముందు కుర్చీ సీటు ఎత్తు కొలిచాను. 19 అంగుళాలు వచ్చింది. మామూలుగా 17, 18 ఉంటుంది. సీటుకీ బల్ల పైభాగానికీ మధ్య ఒక అడుగు ఉండాలి, అంటే బల్ల ఎత్తు 31 అంగుళాలు. బజార్లో దొరికే బల్లలు 30, అంతకు తక్కువ కూడా ఉంటాయి. ఆర్డరు మన దగ్గరికి రావడానికి కారణం ఆ ఒక్క అంగుళమే. బజారు రేటుతో పోల్చి ఆవిడ బేరం ఆడితే నేను చెప్పగలిగిన జవాబు కూడా అదే.

టేకు, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పైపలక ఒక అంగుళం మందం. కాళ్లు మూడంగుళాల చదరం. కింద ఫ్రేము పట్టీలు, మధ్యలో రెండు అడ్డ పట్టీలు. అంతే, చెక్కుడు పనేమీ లేదు.

ఇప్పుడు చెక్క లెక్క. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది, అందుకే కొంచెం నిదానంగా వెళ్దాం.

పైపలకకి ఆరంగుళాల వెడల్పు చెక్కలు ఆరు కావాలి. పూర్తయ్యాక ఒక్కోటి ఒకటి మందం, ఆరు వెడల్పు, 72 పొడవు. కానీ డిపోలో ఆ సైజు కొంటే బల్ల రాదు కదా. చిత్రిక పట్టాలి, అంచులు సూటిగా తీయాలి, చివర్లు కొట్టేయాలి. కాబట్టి కోత సైజు ఒకటింపావు మందం, ఆరున్నర వెడల్పు, 75 పొడవు వేసుకోవాలి. ఈ మూడూ గుణించి, ఆరు చెక్కలకి కలిపి, 1728తో భాగిస్తే 2.12 ఘనపుటడుగులు. అదే పద్ధతిలో కాళ్లు, పూర్తయ్యాక మూడు బై మూడు, 30 పొడవు. కోత సైజు మూడున్నర బై మూడున్నర, 32 పొడవు. నాలుగింటికీ 0.91. మిగతా పట్టీలన్నీ కలిపి 0.77. మొత్తం 3.8 ఘనపుటడుగులు.

అక్కడితో అయిపోలేదు. డిపో నుంచి వచ్చిన చెక్కలో ఒక పక్క చేవ లేని తెల్ల ఉంటుంది, ముడి ఉంటుంది, చివర పగులు ఉంటుంది. పైపలకలో కళ్లకి ఎదురుగా ఉండే చోట తెల్ల వదిలితే ఆ అమ్మగారు ఊరుకుంటారా? దానికి నేను 15 శాతం కలుపుతాను. చెక్కని దగ్గరుండి ఏరుకుంటే 10 సరిపోవచ్చు, కుర్రాణ్ణి పంపిస్తే 20 కూడా చాలదు. 15తో 4.37, డిపోలో అడిగేది 4.4.

ఇప్పుడు బల్ల పూర్తయ్యాక దానిలో నిజంగా ఉన్న చెక్క ఎంత? ఫినిష్ సైజులతో కట్టి చూడండి, 2.64. కొన్నది 4.4. తేడా పొట్టు, ముక్కలు. ఇంట్లో కూర్చుని డ్రాయింగు మీద ఉన్న కొలతలతో చెక్క లెక్క వేసేవాడు 2.64 వేస్తాడు. ఘనపుటడుగు 3,800 అనుకుంటే వాడు చెక్క కింద రాసుకునేది సుమారు పది వేలు. నిజంగా డిపోలో కట్టేది 16,720. అంటే ఇంకా పని మొదలుపెట్టకముందే ఆరున్నర వేలకు పైన పోయింది.

(సభలో ఒకరు: "ముక్కలు వేరే పనికి వాడతాం కదన్నా?")

వాడతాం. చిన్న స్టూలుకో, డ్రాయరు హ్యాండిలుకో వాడతాం. కానీ తమ్ముడూ, వాడే రోజున ఆ పని షీట్లో దాని విలువ రాస్తున్నావా? రాయనప్పుడు ఇక్కడ తగ్గించకు. మా షాపు మూల ఒక గుట్ట ఉంది, 2016 నుంచి "పనికొస్తుంది" అని దాచిన ముక్కలు. పనికొచ్చింది చెదలకి.

దుంగ కొని కోయించుకునే వాళ్ల లెక్క వేరు, అందులోకి ఇవాళ వెళ్లను. మేము సైజులు కొన్నాం, కాళ్ల చెక్క మాత్రం మిల్లులో మళ్లీ కోయించాం. కోత కూలి 280. చెక్క కింద మొత్తం 17,000.

మిగతా సామాను త్వరగా చెప్పేస్తాను. జిగురు, సాండ్ పేపరు 650. బోల్టులు, ప్లేట్లు 1,400. ఇంత ఎందుకంటే స్టెయిన్‌లెస్ స్టీలు వాడాం. ఆ ఇంటి బాల్కనీలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. ఆ గాలికి మామూలు ఇనప బోల్టు రెండేళ్లలో తుప్పు కారి టేకు మీద నల్ల మరక పడుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లి మార్చేది మనమే, మన ఖర్చుతో. పాలిష్ సామాను 2,600, ప్యాకింగు 600. ఇదంతా 5,250. చెక్కతో కలిపి సామాను 22,250.

ఈ బోర్డు మీద పక్కన రాసి ఉంచుతున్నా, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇక కూలి. మా మేస్త్రీకి రోజుకి 1,200. ఎనిమిది గంటలు. చాలామంది గంటకి 150 అని వేస్తారు. ఒక వారం నేను పుస్తకం పట్టుకుని మెషిన్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, ఎవరు ఎంతసేపు చెక్క మీద చెయ్యి పెట్టి పని చేస్తున్నారో రాద్దామని. మేస్త్రీ రావడం, బట్టలు మార్చుకోవడం, బ్లేడు వెతకడం, టీ, కరెంటు పోవడం, ఇంకో కస్టమరు వచ్చి "మా మంచం ఎప్పుడు" అని అడిగితే ఇరవై నిమిషాలు జవాబు చెప్పడం. బద్ధకం ఏమీ లేదు, షాపు అంటేనే అది. వారం చివర కూడితే రోజుకి ఆరు గంటలు తేలింది. మనం ఇచ్చేది ఎనిమిది గంటల డబ్బు, బల్లలోకి వెళ్లేది ఆరు గంటల పని. అందుకని 1,200ని ఆరుతో భాగించాలి. గంటకి 200. హెల్పరుకి 750, గంటకి 125.

గంటలు ఎన్ని పడతాయో ఊహించి ఒకే అంకె రాయకండి. పనిని విడగొడితే ఊహ కూడా దగ్గరకి వస్తుంది. ఈ బల్లకి కోసి చిత్రిక పట్టడానికి 5, కాళ్లూ పట్టీల జాయింట్లకి 9, పైపలక అతికించి మట్టం చేయడానికి 8, కూర్చి సరిచూసుకోవడానికి 4, ఇంటి దగ్గర బిగించడానికి 4. మేస్త్రీకి 30 గంటలు, 6,000. హెల్పరుకి 24 గంటలు, 3,000. పాలిష్ చేసేవాడు మనకి రోజు లెక్క, రెండు రోజులు 2,000. కూలి 11,000.

ఇప్పటిదాకా చెప్పింది అందరూ ఎంతో కొంత రాస్తారు. ఎవరూ రాయనిది షాపు ఖర్చు. అద్దె నెలాఖరున ఎలాగూ కడతాం కదా, బల్లకీ దానికీ ఏం సంబంధం అనుకుంటాం. హుద్‌హుద్ ఏడాది నా డబ్బు పోయింది సరిగ్గా ఈ కన్నంలోంచే.

మా షాపు నెల లెక్క ఇది. అద్దె 22,000. కరెంటు 7,500. బ్లేడ్లకి పదును, మెషిన్ రిపేర్లు 5,000. ఫోను, లెక్కలు రాసే అబ్బాయికిచ్చేది, చిల్లర 6,500. మెషిన్లు అరిగిపోతాయి, ఏదో ఒకనాడు కొత్తవి కొనాలి, దానికి 5,000. నా జీతం 30,000.

ఎందుకు నవ్వుతున్నారు? ఓనరుకి జీతం ఏంటి, లాభం ఉంది కదా అని. సూరిబాబు గారూ, రేపు మీకు కాలు విరిగి మూడు నెలలు మంచం ఎక్కితే కొలతలు తీసుకోవడానికి, డిపోకి వెళ్లడానికి, కస్టమర్‌తో మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టాలా వద్దా? ఆ మనిషి ఊరికే వస్తాడా? ఆ పని మీరు చేస్తున్నారు కాబట్టి ఆ డబ్బు మీకు రావాలి. అది కూలి. లాభం అనేది దాని తర్వాత మాట.

మొత్తం 76,000. దీన్ని బల్లలకి, మంచాలకి ఎలా పంచాలి? కొందరు సామాను మీద ఇంత శాతం అని పంచుతారు. నాకు అది నచ్చదు. టేకు బల్లయినా, రబ్బరువుడ్ బల్లయినా షాపులో అంతే చోటు, అంతే రోజులు పడుతుంది. చెక్క ఖరీదైనదని అద్దె పెరగదు. అందుకని మేస్త్రీ గంటల మీద పంచుతాను. ముగ్గురు మేస్త్రీలు, 25 రోజులు, రోజుకి ఆరు గంటలు, మొత్తం 450. కానీ పనికీ పనికీ మధ్య ఖాళీ ఉంటుంది, సామాను రాక ఆగుతుంది. మా పుస్తకంలో నెలకి 380 మించి ఎప్పుడోగానీ రాలేదు. 76,000ని 380తో భాగిస్తే గంటకి 200. అంటే మేస్త్రీకి ఇచ్చే గంట కూలి ఎంతో, ఆ గంటసేపు షాపు తెరిచి ఉంచడానికీ అంతే. ఇది చూసిన రోజు నాకు నోట మాట రాలేదు. ఈ బల్లకి 30 గంటలు, కాబట్టి 6,000.

ఇంక రెండు వరసలు. బండి, ఎక్కించి దించే మనుషులు, 2,500. పాలిష్ శాంపిలు, మళ్లీ వెళ్లి చేసే చిన్న పనులకి 1,250.

అన్నీ కూడండి. సామాను 22,250. కూలి 11,000. షాపు ఖర్చు 6,000. రవాణా 2,500. చిన్న పనులు 1,250. మొత్తం 43,000. ఇది బల్ల ఖర్చు, ఇందులో లాభం ఒక్క రూపాయి లేదు.

మా నాన్నగారి లెక్క వేస్తే ఏమయ్యేది? చెక్క 17,000, డబుల్ 34,000. అద్దె, నా జీతం పక్కన పెట్టండి. సామాను, కూలి, బండి, ఈ మూడింటికి చేతిలోంచి వెళ్లే నగదే 35,750. అంటే నగదు కూడా వెనక్కి రాదు. మా నాన్నగారిని తప్పు పట్టడం లేదు. ఆయన కాలంలో షాపు మా ఇంటి పెరడే, అద్దె లేదు, మెషిన్ లేదు, పాలిష్ అంటే లక్క పాలిష్. ఆ లెక్క ఆ పెరటికి సరిపోయింది.

ఇప్పుడు అమ్మే ధర. 25 శాతం లాభం కావాలి అనుకుందాం. మీలో తొంభై మంది 43,000కి 25 శాతం కలుపుతారు. 53,750. లాభం 10,750. బాగుంది కదా. కానీ కస్టమరు ఇచ్చిన 53,750లో 10,750 ఎంత శాతం? ఇరవై. మనం 25 అనుకున్నాం, చేతికొచ్చింది 20.

ఖర్చు మీద కలిపేది మార్కప్. అమ్మిన ధరలో మిగిలేది మార్జిన్. రెండూ ఒకటే అనుకుని మాట్లాడతాం, అక్కడే కాలు జారుతుంది. బేరం మొదలయ్యాక ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. కస్టమరు "పది శాతం తగ్గించండి" అంటారు. ఆ పది శాతం అమ్మే ధర మీద. 53,750లో పది శాతం 5,375. మన లాభం 10,750. పది శాతమే కదా అని తలూపితే లాభంలో సగం పోయింది.

కాబట్టి తగ్గింపులు, జీఎస్టీ, కమీషన్లు అన్నీ అమ్మే ధర మీదే నడుస్తాయి గనక లాభం కూడా అమ్మే ధర మీదే అనుకోవాలి. లెక్క సులువే. 25 మార్జిన్ కావాలంటే వందలో 25 తీసేస్తే 75. ఖర్చుని 0.75తో భాగించండి. ఫోను కాలిక్యులేటర్‌లో ఇలా:

```
43000 / (1 - 0.25) = 57333
```

57,333. మార్కప్‌గా చెప్పాలంటే 33 శాతం పైచిలుకు. 20 మార్జిన్ చాలనుకుంటే 0.80తో భాగించండి, 30 కావాలంటే 0.70తో. నేను 57,500 అని కొటేషన్ ఇచ్చాను, జీఎస్టీ విడిగా. మేము రిజిస్టర్ అయి ఉన్నాం, చెక్క ఫర్నిచర్‌కి 18 శాతం. కొన్న సామాను మీద కట్టిన పన్ను మాకు జమ అవుతుంది కాబట్టి షీట్లో సామాను ధరలు పన్ను లేకుండా వేశాను. రిజిస్టర్ కాని వాళ్లకి, కాంపోజిషన్‌లో ఉన్న వాళ్లకి ఆ జమ రాదు. డిపోలో కట్టిన పన్ను వాళ్లకి ఖర్చే, షీట్లో కలుపుకోవాలి. ఇది మర్చిపోయి పక్క షాపు రేటు చూసి తన రేటు పెట్టుకున్నవాడు మునిగిపోతాడు.

25 ఎందుకు, 15 ఎందుకు కాదు అని అడగొచ్చు. ఆ మాట బల్ల పూర్తయ్యాక చెప్తాను.

ఆ అమ్మగారు కొటేషన్ చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "బాబూ, ఇంతా?" అన్నారు. నేను షీటు చూపించలేదు. షీటు కస్టమర్‌కి చూపించేది కాదు. చూపిస్తే ప్రతి వరసా బేరమే, మీ అద్దెకి ఆవిడ ఎందుకు కట్టాలి అంటారు. కానీ షీటు నా జేబులో ఉంది, అందుకే టెన్షన్ లేదు. "అమ్మా, తగ్గించాలంటే పని తగ్గించాలి. అడ్డ పట్టీలు, కాళ్లు అకేషియాలో చేస్తే తగ్గుతుంది, రంగు కలిపి పాలిష్ చేస్తాం" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, మొత్తం టేకే కావాలన్నారు. చివరికి 56,000కి కుదిరింది. ఎంతవరకు దిగొచ్చో నాకు తెలుసు కాబట్టి ఆ 1,500 నవ్వుతూ వదిలాను. అడ్వాన్సు సగం తీసుకున్నాను, 28,000. ఎందుకు సగం? సామాను 22,250 ఆ డబ్బుతోనే రావాలి, మన జేబులోంచి కాదు. పాలిష్‌కి ముందు బల్ల చూసుకోమని పిలిచి ఇంకో ముప్పై శాతం. మిగతాది దించిన రోజు.

కొటేషన్ మీద 15 రోజులే చెల్లుతుంది అని రాశాను. పోయినసారి ఒకాయన నాలుగు నెలల తర్వాత పాత కాగితం పట్టుకొచ్చారు, ఈలోపు చెక్క ధర పెరిగింది. ఆ పని నష్టానికి చేశాను, మాట ఇచ్చాం కదా అని.

ఇప్పుడు షీట్లో రెండో వరస. ఎడమ పక్క అంచనా, కుడి పక్క నిజంగా అయింది. ఈ కుడి పక్క నింపని వాళ్లు షీటు రాయడమే అనవసరం, ఎందుకంటే తర్వాతి బల్లకి ఏమీ నేర్చుకోరు.

చెక్క 4.4 తెచ్చాం, కానీ ఒక పలకలో లోపల తెల్ల దిగి ఉంది, చిత్రిక పట్టాకే కనిపించింది. ఇంకో పలక తెచ్చాం. 950 ఎక్కువ. మేస్త్రీకి 30 అనుకుంటే 36 పట్టింది. ఎందుకంటే కాళ్లు విడదీసేలా బోల్టులతో చేశాం, అలా చేయడం మా మేస్త్రీకి ఇదే మొదటిసారి. ఆరు గంటలు, కూలి 1,200, దానితో షాపు ఖర్చు ఇంకో 1,200. పాలిష్ సంగతి చెప్తే నవ్వుతారు. వాన పడుతున్న రోజు తలుపులు తెరిచి కొట్టాడు. ఆ తేమకి పాలిష్ మీద తెల్లగా పొగమంచు పట్టినట్టయింది. పలక మీద వేలితో రాస్తే పోతుందేమో అని ఆ కుర్రాడు పాపం రుద్దుతూనే ఉన్నాడు. అది పైన పడ్డ దుమ్ము కాదు, పొరలోనే తేమ చిక్కుకుంది. సాండ్ పేపరు పట్టి, ఎండ వచ్చాక మళ్లీ కొట్టాం. ఒక రోజు, 1,000. ఇవన్నీ కలిపి 4,350. చిన్న పనులకి పెట్టుకున్న 1,250 ఇందులో పోగా 3,100 పైన పడింది. బల్ల ఖర్చు 46,100.

అమ్మింది 56,000. మిగిలింది 9,900. అంటే దాదాపు 18 శాతం. 25 ఎందుకు అన్నదానికి ఇదే జవాబు. 25 అనుకుంటే 18 మిగిలింది. నేను 53,750 చెప్పి అదే 1,500 తగ్గించి ఉంటే 6,150, పన్నెండు శాతం లోపే. 15 అనుకుని మొదలుపెట్టినవాడికి ఈ ఎక్కువ ఖర్చుల్లో, ఆ తగ్గింపులో లాభం చాలావరకు కొట్టుకుపోయేది.

కుడి పక్క వరస వల్ల ఇంకో సంగతి తెలిసింది. బోల్టుల కాళ్ల బల్లకి ఇకమీద మేస్త్రీ గంటలు 30 వేయను, 34 వేస్తాను. రెండోసారి చేతికి అలవాటవుతుంది కాబట్టి 36 కూడా వేయను. వానాకాలంలో పాలిష్‌కి రెండు కాదు, మూడు రోజులు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: "గాజువాక వైపు చాలామంది కస్టమర్లు చెక్క వాళ్లే తెస్తారండి. పాత ఇంటి దూలాలు, ఊరి నుంచి తెచ్చిన టేకు. అప్పుడు ఈ మార్కప్ ఎలా?")

మంచి ప్రశ్న. ఇదే బల్ల చెక్క వాళ్లదైతే మన ఖర్చులోంచి 16,720 పోతుంది, 26,280 ఉంటుంది. దాని మీద అదే 33 శాతం వేస్తే లాభం 8,760. చెక్క మనదైనప్పుడు 14,333. మేస్త్రీ గంటలు మాత్రం అవే ముప్పై. మెషిను అదే, షాపులో చోటు అదే. గంటకి లాభం అప్పుడు 480 దాకా వచ్చేది, ఇప్పుడు 300 కూడా రాదు. ఆ వారం వేరే పని చేసుకుంటే ఎక్కువ వచ్చేది కదా. కాబట్టి ఇలాంటి పనికి శాతం చూడకండి, మేస్త్రీ గంటకి ఎంత మిగులుతుందో చూడండి. మన డబ్బు చెక్కలో ఇరుక్కోలేదు కాబట్టి కొంత వదలొచ్చు. నేనైతే 12,000 కింద దిగను. 38,300 చెప్తాను.

దూలాలైతే ఇంకో మాట. మేకులుంటాయి. ఒక్క మేకు తగిలితే బ్లేడు పోతుంది. మేకులు తీసే గంటలు, బ్లేడు పదును విడిగా రాసుకోండి. చెక్క చాలకపోతే, లోపల పుచ్చు ఉంటే మిగతా చెక్క కస్టమరే ఇవ్వాలని కొటేషన్లో రాయండి. నోటి మాట చాలదు.

(ప్రశ్న: "కొటేషన్లో ఇంకా ఏం రాయాలి?")

సైజు, చెక్క రకం, పాలిష్ రకం, ఎన్ని రోజులు, డబ్బు ఎప్పుడెప్పుడు. ఇవి మీకు తెలిసినవే. నేను ఒకటి కలిపాను, దెబ్బ తిని. అంతకు ముందు ఏడాది ఒక అపార్ట్‌మెంటుకి ఏడడుగుల బల్ల, కాళ్లు విడదీయకుండా ఒకే ముక్కగా చేసి తీసుకెళ్లాం. ఐదో అంతస్తు. లిఫ్టు తలుపు తెరిచి చూస్తే బల్ల సగం కూడా పట్టదు. నలుగురు మనుషులు మెట్ల మీదుగా ఎక్కించారు, మలుపు మలుపుకీ గోడకి రాసుకుంటూ. ఒక అంచు చితికింది, పాలిష్ మళ్లీ కొట్టాం. గోడ సున్నం డబ్బులు కూడా మేమే ఇచ్చాం. ఈ అమ్మగారి బల్లకి బోల్టుల కాళ్లు ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమైంది కదా. అందుకే ఇప్పుడు మా షీట్లో కొలతల కింద మొదటి వరస ఇది: లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి ఎత్తు, లోతు, లిఫ్టు లేకపోతే మెట్ల మలుపు వెడల్పు. కొలత తీయడానికి వెళ్లిన రోజే రాసుకుంటాం. ఆ గడి ఖాళీగా ఉంటే మా లెక్కల అబ్బాయి కొటేషన్ టైపు చెయ్యడు, నేను అడిగినా సరే.